ఓటీటీ సైట్‌లో క్యాన్సిల్ బటన్ లేకపోతే సబ్‌స్క్రిప్షన్ ఎక్కడ ఉన్నట్టు?

ప్రశ్న: మా నాన్నగారి ఖాతాలోంచి నెలనెలా 149 రూపాయలు ఒక ఓటీటీకి కట్ అవుతున్నాయి. ఆయన ఫోన్ నంబర్‌తో ఆ ఓటీటీ వెబ్‌సైట్‌లోకి వెళితే ప్లాన్ యాక్టివ్‌గానే కనిపిస్తోంది, క్యాన్సిల్ బటన్ మాత్రం లేదు. కస్టమర్ కేర్‌వాళ్ళు “బిల్లు మేం వేయట్లేదు సార్” అంటున్నారు. వాళ్ళింట్లో ఉన్నది ఆండ్రాయిడ్ టీవీ. దాంట్లోంచి యాప్ తీసేశాను, అయినా ఈ నెల మళ్ళీ కట్ అయింది. దీన్ని ఎలా ఆపాలి?

జవాబు:

కస్టమర్ కేర్‌వాళ్ళు మీకు చెప్పింది నిజమే అయ్యుండాలి. నేను టీవీల ఇన్‌స్టలేషన్, సర్వీసు పనిలో ఉన్నాను. పెద్దవాళ్ళున్న ఇళ్ళకు వెళ్ళినప్పుడు తరచూ వినే ఫిర్యాదుల్లో ఇదొకటి. టీవీలో యాప్ తెరిచి, రిమోట్‌తో ప్లాన్ ఎంచుకుని, అక్కడే డబ్బు కట్టినప్పుడు చాలాసార్లు ఆ కొనుగోలు గూగుల్ ప్లే ద్వారా జరుగుతుంది. అప్పుడు బిల్లు వేసేదీ, నెలనెలా డబ్బు తీసుకునేదీ గూగుల్. “ఈ వినియోగదారుడి ప్లాన్ నడుస్తోంది” అన్న సమాచారం ఓటీటీకి అందుతుంది గానీ, మీ నాన్నగారి బ్యాంకు వివరాలు వాళ్ళ దగ్గర ఉండవు. అందుకే సైట్‌లో యాక్టివ్ అని చూపిస్తుంది, క్యాన్సిల్ బటన్ మాత్రం ఉండదు. కొన్ని సైట్లు “గూగుల్ ప్లేలో చూసుకోండి” అని చిన్న అక్షరాల్లో ఒక లైను రాస్తాయి, కొన్ని అదీ రాయవు.

యాప్ తీసేసినా ఎందుకు ఆగలేదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. సబ్‌స్క్రిప్షన్ టీవీలో ఉండదు, యాప్‌లోనూ ఉండదు. అది ఒక గూగుల్ అకౌంట్‌కి అతుక్కుని ఉంటుంది. యాప్ తీసేసినా, టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, చివరికి ఆ టీవీ అమ్మేసినా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ఓటీటీ సైట్‌లో నాన్నగారి ప్రొఫైల్ మొత్తం డిలీట్ చేసినా అంతే. అలా అస్సలు చేయకండి. ప్లాన్ వాడుకునే దారి పోతుంది, డబ్బు పోవడం మాత్రం ఆగదు.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఏ గూగుల్ అకౌంట్ మీద ఇది కొన్నారు? అది తెలిస్తే క్యాన్సిల్ చేయడం రెండు నిమిషాల పని.

మొదట బ్యాంకు మెసేజ్ గానీ స్టేట్‌మెంట్ గానీ తీసి, డబ్బు ఎవరి పేరు మీద వెళ్ళిందో చూడండి. కార్డు మీద అయితే గూగుల్ ప్లే కొనుగోళ్ళు సాధారణంగా `GOOGLE*` అని మొదలై, వెనకాల యాప్ పేరో దాన్ని చేసిన కంపెనీ పేరో ఉంటుంది. యూపీఐ మీద అయితే గూగుల్ ప్లే పేరు కనిపిస్తుంది. అలా కాకుండా నేరుగా ఓటీటీ పేరే ఉంటే మాత్రం దారి వేరు. అప్పుడది వాళ్ళ సైట్‌లోనే ఇంకో నంబరుతోనో ఇంకో మెయిల్‌తోనో కొన్న ప్లాన్ అయ్యుంటుంది. ఇంట్లో ఎవరి నంబరుతో లాగిన్ అయ్యారో కనుక్కుని, ఆ నంబరుతో సైట్‌లో చూడాలి. మీ జియో, ఎయిర్‌టెల్ లాంటి కనెక్షన్ల ప్యాక్‌లో కలిసి వచ్చిన ఓటీటీ అయితే విడిగా 149 కట్ అవదు, ప్యాక్ బిల్లులోనే ఉంటుంది.

గూగుల్ పేరే ఉందనుకుందాం. చాలామంది ఇక్కడ నాన్నగారి ఫోన్ తీసుకుని, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ తెరిచి, అక్కడ ఏమీ లేకపోయేసరికి టెన్షన్ పడతారు. ఏదో మోసం జరిగిందనుకుని బ్యాంకుకు పరుగెడతారు. నిజానికి డబ్బు ఎవరి బ్యాంకు ఖాతాలోంచి పోతోంది, ఏ గూగుల్ అకౌంట్ మీద కొన్నారు అనేవి రెండు వేరు వేరు సంగతులు. ఒకరి గూగుల్ అకౌంట్‌కి ఇంకొకరి యూపీఐ జత చేసి ఉండొచ్చు.

పోయిన వేసవిలో మా ఊళ్ళో రిటైరైన ఒక మాస్టారి ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది. టీవీ కొన్నరోజు బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు, నాన్నకి జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తులేదని, తన అకౌంట్‌తోనే టీవీ సెటప్ చేశాడు. తర్వాత మాస్టారి భార్య సీరియల్ చూద్దామని ఒక ఓటీటీ యాప్ తెరిచారు. ఏడు రోజులు ఉచితం అని కనిపించింది. కొడుకు అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. డబ్బు కట్టే చోట తండ్రి యూపీఐ ఇచ్చాడు, మాస్టారు తన ఫోన్‌లో వచ్చిన రిక్వెస్ట్‌కి పిన్ కొట్టారు. ఆటోపేకి ఒప్పుకుంటున్నానని ఆ స్క్రీన్‌లో రాసే ఉంది, అప్పుడు ఎవరూ చదవలేదు. ఆ తర్వాత డబ్బు మాస్టారి ఖాతాలోంచి పోయేది, రసీదులు మాత్రం బెంగళూరులో ఉన్న కొడుకు జీమెయిల్‌కి వెళ్ళేవి. అతని ఇన్‌బాక్స్‌లో ప్రమోషన్ల మధ్య అవి కలిసిపోయాయి. మాస్టారి ఫోన్‌లో ఎంత వెతికినా ఏమీ దొరక్కపోవడానికి కారణం అదే.

నేను వెళ్ళాక ముందు చూసింది టీవీలో ఎవరి అకౌంట్ ఉందని. మీరూ అదే చేయండి. టీవీలో సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్లకు సంబంధించిన భాగంలోకి వెళ్ళండి. కొత్త గూగుల్ టీవీల్లో `Accounts & Sign-in` అని ఉంటుంది. అక్కడున్న మెయిల్ ఐడీలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. రెండు మూడు ఉంటే ఆశ్చర్యపోకండి, పండక్కి వచ్చిన బంధువు కూడా ఒకసారి లాగిన్ అయ్యి వదిలేసి ఉండొచ్చు. మీరు ఇప్పటికే టీవీ రీసెట్ చేసి ఉంటే ఆ జాబితా పోయినట్టే. అప్పుడు మొదట టీవీ సెటప్ చేసింది ఎవరో గుర్తుచేసుకుని వాళ్ళను అడగడమే దారి.

మాస్టారి ఇంట్లో కొడుకు మెయిల్ కనిపించగానే ఫోన్ చేయించాను. తన జీమెయిల్‌లో `googleplay-noreply@google.com` అని వెతకమన్నాను. గూగుల్ ప్లే రసీదులు వచ్చేది ఆ అడ్రస్ నుంచే. వరసగా రసీదులు వచ్చాయి. వాటిలో ఆర్డర్ నంబర్ చదవమన్నాను. ఇలాంటి ఆకారంలో ఉంది:

```
GPA.3312-4478-9021-55673..6
```

గూగుల్ ప్లే ఆర్డర్ నంబర్లు `GPA.` అని మొదలవుతాయి. చివర రెండు చుక్కల తర్వాత ఉన్న అంకెను ఎవరూ పట్టించుకోరు గానీ, సబ్‌స్క్రిప్షన్ ఎన్నిసార్లు రెన్యూ అయిందో అదే చెబుతుంది. మొదటి ఆర్డర్‌కి ఆ తోక ఉండదు. మొదటి రెన్యువల్‌కి `..0`, రెండోదానికి `..1`, అలా పెరుగుతుంది. ఇక్కడ `..6` ఉంది కాబట్టి ఏడో రెన్యువల్. మొదటి ఆర్డర్ ఉచిత ట్రయల్ కాబట్టి దానికి డబ్బు పడలేదు. అంటే 149 చొప్పున ఏడుసార్లు, మొత్తం 1,043 రూపాయలు. మాస్టారి పాస్‌బుక్‌లో కూడా అన్ని ఎంట్రీలే ఉన్నాయి. లెక్క సరిపోయేసరికి ఇది మోసం కాదని, వెతుకుతున్నది ఈ సబ్‌స్క్రిప్షనేనని ఖాయమైంది. మీరు కూడా ఈ సరిపోల్చడం తప్పకుండా చేయండి. ఒకే ధరకు రెండు సబ్‌స్క్రిప్షన్లు ఉంటే ఒకటి ఆపి, రెండోది వదిలేసే ప్రమాదం ఉంది.

ఇక క్యాన్సిల్ చేయడం. టీవీ రిమోట్‌తో తంటాలు పడకుండా ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చేయండి. ఆ అకౌంట్ ఎవరిదో వాళ్ళే బ్రౌజర్‌లో ఈ అడ్రస్ తెరవాలి:

```
play.google.com/store/account/subscriptions
```

తెరవగానే పైన కుడివైపు ఉన్న ఫొటో గుర్తు నొక్కి, సరైన మెయిల్‌లోనే ఉన్నారా అని చూడండి. ఫోన్‌లో నాలుగు అకౌంట్లు ఉంటే ఈ పేజీ దేన్నో ఒకదాన్ని తీసుకుంటుంది. “ఏమీ లేవు” అని చూపిస్తే లేవని నిర్ణయించేయకండి, ఒక్కో అకౌంట్‌కీ మార్చి చూడండి. జాబితాలో ఆ ఓటీటీ దొరికాక దాన్ని తెరిచి `Cancel subscription` నొక్కాలి. ఎందుకు ఆపుతున్నారని ఒక ప్రశ్న వస్తుంది, ఏదో ఒక జవాబు ఎంచుకోండి. తర్వాత ఇంకోసారి నిర్ధారించమంటుంది. అక్కడ ఆపేస్తే పని పూర్తికాదు. కొన్ని యాప్‌లకి `Pause` అనే అవకాశం కూడా కనిపిస్తుంది. అది కొంతకాలం నిలిపి మళ్ళీ బిల్లు మొదలుపెట్టేది, మీకు కావలసింది అది కాదు.

పని అయిందని ఎలా తెలుస్తుందంటే, అదే పేజీలో ఆ ఓటీటీ పేరు దగ్గర తర్వాతి బిల్లు తేదీ పోయి, ఫలానా తేదీ వరకు వాడుకోవచ్చన్న మాట వస్తుంది. క్యాన్సిల్ అయినట్టు మెయిల్ కూడా వస్తుంది. ఈ రెండూ చూసేదాకా అయిపోయిందనుకోకండి. ఆపిన తర్వాత కూడా కట్టిన గడువు ముగిసేదాకా టీవీలో ఆ ఓటీటీ పనిచేస్తుంది. దాన్ని చూసి “ఇంకా యాక్టివ్‌గానే ఉంది” అని గాబరా పడేవాళ్ళున్నారు, అక్కర్లేదు. తిరిగి సబ్‌స్క్రైబ్ చేయమనే బటన్ కనిపిస్తుంది, దాన్ని మాత్రం నొక్కకండి. బిల్లు తేదీ దాకా ఆగకుండా ఇవాళే ఆపమని కూడా చెబుతాను, ఎందుకంటే తర్వాతి నెల డబ్బును ఆ తేదీకి ముందే తీసుకునే అవకాశం ఉంది. ముందు ఆపినంతమాత్రాన కట్టిన రోజులు పోవు.

ఇక్కడ చాలామంది ఇంకో దారి చెబుతారు: “అదంతా ఎందుకు, ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఆటోపే తీసెయ్యండి, చాలు.” యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళితే నడుస్తున్న మ్యాండేట్లన్నీ, అంటే నెలనెలా డబ్బు తీసుకోవడానికి ఇచ్చిన అనుమతులన్నీ, కనిపిస్తాయన్నది నిజం, అక్కడ తీసేస్తే ఆ ఖాతాలోంచి డబ్బు పోకుండా ఆగుతుందన్నదీ నిజం. ఆ గూగుల్ అకౌంట్ ఎవరిదో ఎంతకీ తేలకపోతే నేనూ ఇదే చేయమంటాను. కానీ దాంతో సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు. గూగుల్ దృష్టిలో అది డబ్బు రాని బిల్లు మాత్రమే. కొన్నాళ్ళు గడువిస్తుంది, తర్వాత నిలిపి ఉంచుతుంది, ఈలోగా పేమెంట్ సరిచేయమని అడుగుతూ ఉంటుంది. ఆ మెసేజ్ చూసి ఇంట్లో ఎవరో మంచిమనసుతో సరిచేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ముందు ప్లేలో క్యాన్సిల్, ఆ తర్వాత మ్యాండేట్ తీసేయడం. ఈ వరసలో చేస్తే ఇంకేమీ మిగలదు.

ఆటోపే గురించి మీకు పనికొచ్చే విషయం ఒకటి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇలాంటి రికరింగ్ పేమెంట్లకు డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకి సమాచారం ఇవ్వాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది. నాన్నగారి ఫోన్‌లో మెసేజ్‌లు వెనక్కి తిరగేసి, డబ్బు కట్ అయిన రోజుకి ఒకటి రెండు రోజుల ముందు చూడండి. పెద్దవాళ్ళు బ్యాంకు ప్రకటనేమోనని వదిలేసే మెసేజ్ సాధారణంగా అదే. తర్వాతి నెల మెసేజ్ రాకపోతే రద్దు సరిగా జరిగినట్టు ముందే తెలిసిపోతుంది.

పోయిన డబ్బు సంగతి. ఉన్నదున్నట్టు చెబుతాను, పాత నెలలవి తిరిగి రావడం కష్టం. చివరి కొనుగోలు జరిగి 48 గంటలు దాటకపోతే గూగుల్ ప్లేలో ఆర్డర్ చరిత్ర తెరిచి ఆ ఆర్డర్ మీద రీఫండ్ అడగొచ్చు. అప్పుడైనా తప్పకుండా ఇస్తారని కాదు, పరిశీలిస్తారు. 48 గంటలు దాటితే యాప్ కంపెనీని అడగమని గూగుల్ చెబుతుంది. మళ్ళీ వాళ్ళ కస్టమర్ కేర్‌కి వెళ్ళాల్సి వచ్చినా, ఈసారి మీ చేతిలో ఆర్డర్ నంబర్ ఉంటుంది. “డబ్బు కట్ అవుతోంది” అని చెప్పడానికీ, `GPA` నంబర్ ఇచ్చి “ఈ ఆర్డర్ మీద ఒక్కరోజు కూడా చూడలేదు” అని రాయడానికీ చాలా తేడా ఉంది. మాస్టారికి ఆఖరి నెల డబ్బు మాత్రం తిరిగి వచ్చింది, మిగతావి రాలేదు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. దయచేసి గూగుల్‌లో “ఫలానా ఓటీటీ కస్టమర్ కేర్ నంబర్” అని వెతికి, కనిపించిన నంబర్‌కి ఫోన్ చేయకండి. రీఫండ్ ఇప్పిస్తామని స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయించి ఖాతా ఖాళీ చేసేవాళ్ళు ఇలాంటి సందర్భాల కోసమే కాచుకుని ఉంటారు. 149 రూపాయల కోసం మొదలుపెట్టి జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నవాళ్ళ బాధ చూడలేం. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదని నాన్నగారికి ఒకటికి రెండుసార్లు చెప్పండి. గూగుల్‌తో మాట్లాడాలంటే `support.google.com/googleplay` లోంచే వెళ్ళండి. ఇప్పటికే ఎవరికైనా వివరాలు చెప్పేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. అకౌంట్ బంధువుదైతే వాళ్ళ పాస్‌వర్డ్, ఓటీపీ మీరు అడగొద్దు. లింక్ పంపి, ఫోన్‌లో మాట్లాడుతూ వాళ్ళచేతే చేయించండి. నాన్నగారి పాత జీమెయిలే అయి పాస్‌వర్డ్ మరచిపోతే `g.co/recover` లో ప్రయత్నించండి. ఇంతకుముందు ఆ అకౌంట్ వాడిన ఫోన్‌లోంచి, ఆ ఇంటి వైఫై మీద నుంచే ప్రయత్నిస్తే తిరిగి దొరికే అవకాశం ఎక్కువ.

ఇది చదివేవాళ్ళలో వేరే టీవీలున్నవాళ్ళ కోసం కొంచెం. ఫైర్ టీవీ అయితే బిల్లు వేసేది అమెజాన్. అక్కడ రెండు చోట్ల చూడాలి: ప్రైమ్ వీడియో లోపల తీసుకున్న ఛానళ్ళు ప్రైమ్ వీడియో సెట్టింగ్స్‌లో ఉంటాయి, విడి యాప్‌లో కొన్నవి అమెజాన్ యాప్‌స్టోర్ సబ్‌స్క్రిప్షన్లలో ఉంటాయి. ఒకచోట లేకపోతే రెండోచోట ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి రోకు టీవీలో కొన్న ప్లాన్ అయితే `my.roku.com` లో లాగిన్ అయ్యి సబ్‌స్క్రిప్షన్లు చూడాలి. లేదంటే టీవీ హోమ్‌లో ఆ యాప్ మీద నిలిపి, రిమోట్‌లో నక్షత్రం గుర్తున్న బటన్ నొక్కితే మేనేజ్ సబ్‌స్క్రిప్షన్ అని వస్తుంది. ఆ రోకు ఏ మెయిల్ మీద ఉందో సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే కనిపిస్తుంది. పిల్లలు ఇండియాలో ఉన్న మీకు ఆ లాగిన్ ఇవ్వనవసరం లేదు, వాళ్ళే రెండు నిమిషాల్లో ఆపగలరు.

క్యాన్సిల్ చేశాక, టీవీలో మిగిలిన పని ఒకటుంది. గూగుల్ ప్లేలో కొనుగోలుకి ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్ పెట్టండి. సీరియల్ కోసం రిమోట్ నొక్కుతూ పోతే ఇంకో ట్రయల్ తీసుకోవడం చాలా తేలిక, పాస్‌వర్డ్ అడిగితే అక్కడ ఆగుతారు. వచ్చే నెల బిల్లు తేదీ దాటాక కూడా డబ్బు కట్ అయితే మాత్రం భయపడకుండా కొత్త రసీదు తెరిచి ఆర్డర్ నంబర్ చూడండి. చివరి తోక తప్ప `GPA` తర్వాతి అంకెలు పాతవే అయితే క్యాన్సిల్ చివరిదాకా నిర్ధారించలేదన్నమాట. అంకెలు వేరైతే ఇంకో సబ్‌స్క్రిప్షన్ ఉంది, బహుశా కాగితం మీద రాసుకున్న రెండో అకౌంట్‌లో.